ఖాళీ కిలోమీటరుకు ఎవరు డబ్బిస్తారు?

మీ ఇంటి ముందు కారు ఉంది. నెల నెలా ఐదో తారీఖుకి ఫైనాన్స్ వాళ్ల మెసేజ్ వస్తోంది. హైదరాబాదులో ఉన్న మీ బావ ఫోన్ చేసి, "ఊళ్లో ఏముందిరా, బండి తీసుకుని ఇక్కడికి వచ్చేయ్. పన్నెండు గంటలు తిప్పితే రోజుకి రెండు వేలు అకౌంట్లో పడతాయి" అంటున్నాడు. ఇంకోవైపు మీతోపాటు రోజూ మార్కాపురం వచ్చే ముగ్గురు, "అన్నా, పెట్రోలు తలా ఇంత వేసుకుందాం, నీ కార్లోనే పోదాం" అంటున్నారు. రెండూ విన్నారు. రాత్రి పడుకుని మనసులోనే లెక్క వేశారు. బావ చెప్పిన రెండు వేలను ముప్ఫైతో గుణించారు కదూ? అరవై వేలు కనిపించగానే నిద్ర పట్టలేదు కదూ?

ఆ అరవై వేల దగ్గరే లెక్క దారి తప్పింది. ఎక్కడ తప్పిందో ఈ అధ్యాయంలో ఒక బండిని పట్టుకుని కిలోమీటరు కిలోమీటరుగా చూద్దాం.

మన బండి యజమానిది పుల్లలచెరువు. మార్కాపురంలో చిన్న మొబైల్ షాపు ఉంది. షాపు అద్దె, సరుకు పోను నెలకు 30,000 ఇంటికొస్తాయి. కారు ఎనిమిది లక్షలకు కొన్నాడు. రెండు లక్షలు చేతి నుంచి కట్టి, ఆరు లక్షలు పది శాతం వడ్డీకి ఐదేళ్ల లోను తీసుకున్నాడు. నెల కిస్తీ 12,750. బండి పెట్రోలుకీ, గ్యాసుకీ నడుస్తుంది. ఇతను లెక్క కోసం నేను కట్టుకున్న మనిషి. ధరలు, దూరాలు కూడా అంతే, చేతికి అందేలా గుండ్రంగా వేసినవి. మీ లోను కాగితం, మీ బంకు రశీదు, మీ మీటరు ఏం చెబితే ఆ అంకె వేసుకోండి. అంకెలు మారినా వాటిని పేర్చే తీరు మారదు.

1. ముందు కిస్తీని పక్కన పెట్టండి

ఈ మాట వినగానే కోపం రావచ్చు. గుండె మీద కూర్చున్నదే కిస్తీ అయితే దాన్ని పక్కన పెట్టడమేంటి?

ఒక్క ప్రశ్న వేసుకోండి. బండిని హైదరాబాదు తీసుకెళ్తే కిస్తీ ఎంత? 12,750. మార్కాపురం తిప్పితే ఎంత? అదే 12,750. వేపచెట్టు కింద నిలబెట్టినా అంతే. రెండు పనుల్లో ఏది మేలో తేల్చేటప్పుడు రెండింట్లోనూ ఒకేలా ఉండే ఖర్చు ఏమీ తేల్చదు. తేల్చేవి మారే ఖర్చులే: ఇంధనం, అరుగుదల, ఇన్సూరెన్సు, గది అద్దె, మీరు వదులుకునే సంపాదన. ముందు వాటితో పోల్చండి. ఆ తర్వాత ఆఖరి వరుసలో కిస్తీ తీసేయండి. అప్పుడది వేరే ప్రశ్నకు జవాబు చెబుతుంది: ఈ నెల ఇల్లు గడుస్తుందా లేదా?

చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. "కిస్తీ వెళ్లిపోతే చాలు" అనుకుని, కిస్తీకి సరిపడా డబ్బు అకౌంట్లో పడే పనిని ఎంచుకుంటారు. డబ్బు పడుతుంది, కిస్తీ వెళ్తుంది. ఆ డబ్బు బండి ఒంట్లోంచి వచ్చిందా, పనిలోంచి వచ్చిందా అన్నది మాత్రం ఎవరూ అడగరు.

2. అరుగుదలకు కిలోమీటరు ధర కట్టండి

పెట్రోలు పోసినప్పుడు జేబులోంచి నోటు వెళ్తుంది కాబట్టి అది గుర్తుంటుంది. టైరు అరిగినప్పుడు జేబులోంచి ఏమీ వెళ్లదు. అందుకే అది లెక్కలోకి రాదు.

దీనికి మెకానిక్ అవసరం లేదు, ఒక కాగితం చాలు. నాలుగు టైర్లు మార్చడానికి 20,000 అవుతుందనుకోండి. అవి 40,000 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు యాభై పైసలు. పది వేల కిలోమీటర్లకోసారి ఆయిలు, ఫిల్టర్లతో సర్వీసుకు 6,000 అయితే అరవై పైసలు. బ్రేకులు, క్లచ్చి, షాకబ్జార్లు, బ్యాటరీ అన్నింటినీ కలిపి ఇంకో యాభై పైసలు వేయండి. మొత్తం కిలోమీటరుకు 1 రూపాయి 60 పైసలు. మన రోడ్ల మీద, గుంటల్లో, పొలం దారుల్లో తిరిగే బండికి ఇది ఎక్కువేం కాదు.

రూపాయి అరవై చిన్నగా కనిపిస్తుంది. రోజుకి 180 కిలోమీటర్లు తిరిగే బండికి అది 288 రూపాయలు. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆ 288 మీ జేబులోనే ఉంటుంది, మీదే అనిపిస్తుంది. కానీ అది టైర్లవాడిది, మెకానిక్‌ది.

ఇక్కడ ఇంకో పొరపాటు జరుగుతుంది. ఇది బాగా లెక్క తెలిసినవాళ్లు చేసేది. బండి విలువ ఏటేటా తగ్గుతుంది కాబట్టి ఆ తరుగుదలను కూడా ఖర్చు కింద రాస్తారు, కిస్తీని కూడా మొత్తంగా రాస్తారు. అలా చేస్తే ఒకే ఖర్చు రెండుసార్లు పడుతుంది. కిస్తీలో వడ్డీ కొంత, అసలు కొంత ఉంటాయి. అసలు అంటే బండి ధరే కదా! కాబట్టి నెల గడవడానికి వేసే లెక్కలో కిస్తీ మొత్తం రాయండి, తరుగుదల రాయకండి. ఐదేళ్ల తర్వాత ఏం మిగిలిందో చూసుకునే లెక్కలో మాత్రం వడ్డీని, విలువ తరుగుదలను రాయండి, అసలు రాయకండి. రెండు లెక్కలూ అవసరమే, ఒకే కాగితం మీద కలపకూడదు, అంతే.

ఆ రెండో కాగితంలో ఒక తేడా చూసి తీరాలి. ఐదేళ్లు సొంతానికి తిప్పిన తెల్ల ప్లేటు బండికి పలికే ధర, అదే ఐదేళ్లు ట్యాక్సీగా రెండున్నర లక్షల కిలోమీటర్లు దాటిన పసుపు ప్లేటు బండికి పలకదు. మార్కాపురంలోనో ఒంగోలులోనో పాత కార్ల బేరగాడి దగ్గర రెండింటి ధరా అడగండి. తేడా రెండు లక్షలు చెప్పాడనుకోండి, దాన్ని అరవై నెలలకు పంచండి. నెలకు 3,300 పైమాటే. ఇది ఏ నెలా కనిపించదు, బండి అమ్మే రోజున ఒకేసారి కనిపిస్తుంది.

3. బావ చెప్పిన రెండు వేలను విప్పి చూడండి

ఫోన్లో పిలిస్తే వచ్చే బండికి గిరాకీ ఉండేది హైదరాబాదు, విజయవాడ లాంటి నగరాల్లోనే. కాబట్టి పుల్లలచెరువు మనిషికి ఓలా, ఉబర్, రాపిడో అంటే ఊరు వదలడమే. మాచర్ల, నాగార్జునసాగర్ మీదుగా బండితోపాటు మీరూ వెళ్లాలి. అక్కడ గది తీసుకోవాలి. ఆ గది అద్దె బండి ఖర్చు కాదని లెక్కలోంచి తీసేసేవాళ్లున్నారు. బండి కోసం వెళ్లకపోతే ఆ అద్దె ఉండేదా?

మన యజమాని పన్నెండు గంటలు తిప్పాడనుకుందాం. రాత్రి మీటరు 180 కిలోమీటర్లు చూపిస్తోంది. యాప్‌లో ప్రయాణికులతో వెళ్లిన దూరం అన్నీ కలిపితే 120. మిగతా 60 ఏమయ్యాయి?

గది నుంచి మొదటి బుకింగ్ దొరికేదాకా తిరిగినవి కొన్ని. బుకింగ్ వచ్చాక ప్రయాణికుడి గుమ్మం దాకా వెళ్లినవి కొన్ని. దూరపు కాలనీలో దింపి, అక్కడ గిరాకీ లేక వెనక్కి వచ్చినవి. మీరు సగం దూరం వెళ్లాక అవతలివాళ్లు రద్దు చేసినవి. గ్యాసు బంకు వెతుక్కుంటూ పోయినవి. ఇవన్నీ ఖాళీ కిలోమీటర్లు. వీటికి ఇంధనం ఉంది, అరుగుదల ఉంది, కూలి లేదు.

120 కిలోమీటర్లకు ప్రయాణికులు ఇచ్చింది కిలోమీటరుకు 20 చొప్పున 2,400 అనుకుందాం. కంపెనీ వాటా అయిదో వంతు పోతే 1,920 అకౌంట్లో పడింది. బావ చెప్పిన రెండు వేలు అబద్ధం కాదు! కానీ అది 120 కిలోమీటర్ల ధర, ఖర్చు మాత్రం 180కి అవుతోంది.

కంపెనీ వాటా గురించి ఒక మాట. కేంద్రం 2025 జులైలో ఇచ్చిన అగ్రిగేటర్ మార్గదర్శకాల ప్రకారం సొంత బండి డ్రైవరుకు ఛార్జీలో కనీసం 80 శాతం చేరాలి. అయితే వాటిని రాష్ట్రం తన నిబంధనల్లోకి తీసుకుంటేనే అమలు. కొన్ని కంపెనీలు వాటా మానేసి రోజుకింత అని చందా తీసుకుంటున్నాయి. గిరాకీ బాగున్న రోజున చందా లాభమే. ఒంట్లో బాగోక మధ్యాహ్నమే గదికి వచ్చేసిన రోజున కూడా రోజంతటి చందా పోతుందని గుర్తుంచుకోండి.

ఇక నెల లెక్క. 25 రోజులకు 48,000 వచ్చింది. 4,500 కిలోమీటర్లకు గ్యాసు, కిలోమీటరు 4 రూపాయల 30 పైసల చొప్పున 19,350 అయింది. కిస్తీ 12,750 వెళ్లింది. గది, తిండి 9,000. చేతిలో 6,900 మిగిలింది.

ఆ 6,900 చూసుకునే మనిషి ఏమనుకుంటాడు? "బండి కిస్తీ అదే కట్టుకుంది, నా తిండి పోయింది, పైన ఏడు వేలు ఇంటికి పంపాను. ఇంకేం కావాలి?" అనుకుంటాడు. మొదటి నెలలు ఇలాగే గడుస్తాయి. అరుగుదల కింద నెలకు 7,200 పక్కన పెట్టాలి, అతను పెట్టలేదు. ట్యాక్సీ ఇన్సూరెన్సు, పన్ను, ఫిట్‌నెస్ అన్నీ కలిపి నెలకు 4,000 చొప్పున దాచాలి, అదీ దాచలేదు. ఈ రెండూ కలిపితే 11,200. చేతిలో మిగిలింది 6,900. అంటే నిజానికి అతను నెలకు 4,300 లోటులో ఉన్నాడు. ఆ లోటు బయటపడేది తొమ్మిదో నెలలో, నలభై వేల కిలోమీటర్లు దాటి టైర్లు నున్నగా అయినప్పుడు. ఆ తర్వాత ఇన్సూరెన్సు గడువు వస్తుంది. అప్పుడు చేబదులు మొదలవుతుంది. "ఏదో ఖర్చు వచ్చిపడింది" అంటాడు. అది అప్పుడు వచ్చిపడింది కాదు. మొదటి రోజు నుంచీ రోజుకి కొంచెం కొంచెంగా వస్తూనే ఉంది.

4. ఇంకో గంట తిప్పే ముందు, ఖాళీ కిలోమీటర్లు తగ్గించండి

లోటు కనబడగానే ఎవరైనా చేసే పని, పన్నెండు గంటలను పద్నాలుగు చేయడం. దాని ఫలితం చూద్దాం.

ప్రయాణికులతో తిరిగిన ప్రతి కిలోమీటరుకు మీకు 16 రూపాయలు వస్తాయి. ఆ ఒక్క కిలోమీటరు దొరకడానికి బండి మొత్తం కిలోమీటరున్నర తిరుగుతోంది. కిలోమీటరుకు గ్యాసు, అరుగుదల కలిపి దాదాపు 5 రూపాయల 90 పైసలు కాబట్టి కిలోమీటరున్నరకు 8 రూపాయల 85 పైసలు. మీకు నికరంగా మిగిలేది 7 రూపాయల చిల్లర. 4,300 లోటు పూడాలంటే నెలకు ఇంకో 600 కిలోమీటర్లు ప్రయాణికులతో తిరగాలి. రోజుకి 120 లెక్కన అది ఇంకో అయిదు రోజుల పని. అంటే నెలలో ముప్ఫై రోజులూ ఒక్క సెలవు లేకుండా తిప్పితే మీకు మిగిలేది సున్నా.

అదే ఖాళీ కిలోమీటర్లు రోజుకి 60 నుంచి 30కి తగ్గాయనుకోండి. రోజుకి 177 రూపాయలు, నెలకు 4,400 పైన ఆదా. ఒక్క గంట కూడా ఎక్కువ పని చేయకుండానే లోటు పూడింది.

ఎలా తగ్గుతాయి? దించిన చోట నుంచి వెంటనే వెనక్కి తిరగకుండా, నీడ చూసుకుని బండి ఆపి ఎదురుచూడాలి. చాలామంది బండి కదులుతుంటేనే బుకింగ్ వస్తుందన్న నమ్మకంతో ఖాళీగా తిరుగుతారు. దూరపు పికప్‌లు వదిలేయాలి. రెండు కిలోమీటర్ల ప్రయాణం కోసం మూడు కిలోమీటర్లు వెళ్లడం ఎవరికోసం? గిరాకీ ఉండే చోటుకు దగ్గరగా గది తీసుకోవాలి. అద్దె వెయ్యి ఎక్కువైనా ఫరవాలేదు, లెక్క వేసి చూసుకోండి.

కొలిచే పద్ధతి ఇది. పొద్దున యాప్ ఆన్ చేసినప్పుడు కాదు, గది దగ్గర తాళం తిప్పినప్పుడే ట్రిప్ మీటరు సున్నా చేయండి. రాత్రి గదికి వచ్చాక చూడండి. యాప్‌లోని ప్రయాణాల దూరం కూడి, మీటరు అంకెలోంచి తీసేయండి. పదిహేను రోజులు రాస్తే ఏ ప్రాంతం, ఏ పూట మీ గ్యాసు తాగేస్తోందో తెలిసిపోతుంది.

5. తోడు ప్రయాణం డబ్బును ఆదాయం అనకండి

ఇప్పుడు మార్కాపురం సంగతి. రానూపోనూ 120 కిలోమీటర్లు అనుకుందాం. 24 రోజులకు 2,880. మన దారిలో గ్యాసు దొరకదనుకుని పెట్రోలు మీదే లెక్క వేద్దాం. లీటరు 110, లీటరుకు 18 కిలోమీటర్లు. నెలకు పెట్రోలు 17,600. అరుగుదల 4,600. మొత్తం 22,200, అంటే రోజుకి 925.

నలుగురు సమానంగా పంచుకుంటే తలా 231. మన యజమాని గుండ్రంగా మనిషికి 200 అన్నాడు. ముగ్గురూ రోజూ వస్తే నెలకు 14,400. కానీ రోజూ వస్తారా? ఒకరికి సెలవు, ఒకరికి పెళ్లి, ఇంకొకరికి రాత్రి ఆలస్యం. నాలుగింట మూడు వంతులే లెక్క వేయండి. 10,800.

ఈ 10,800 ఆదాయమేనా? దీనికి జవాబు ఇంకో ప్రశ్నలో ఉంది. ఆ ముగ్గురూ లేకపోయినా మీరు కార్లోనే వెళ్లేవారా?

వెళ్లేవారైతే, ఖర్చు ఎలాగూ పెట్టేవారే కాబట్టి, ఆ 10,800 పూర్తిగా మీకు మిగిలినట్టే. ఖాళీ కిలోమీటర్లు లేవు, గది అద్దె లేదు, షాపు మూతపడలేదు. అతని నెల ఇలా ఉంటుంది: షాపు మీద 30,000, తోడువాళ్ల డబ్బు 10,800. అందులోంచి పెట్రోలు 17,600, అరుగుదల 4,600, ఇన్సూరెన్సుకు దాచేది 1,500, కిస్తీ 12,750 తీసేస్తే 4,350 మిగులు. హైదరాబాదు లెక్కలో 4,300 లోటు. తేడా 8,650. అక్కడ ఈ తేడా పూడాలంటే నెలకు ముప్ఫై అయిదు పనిరోజులు కావాలి.

బస్సులో వెళ్లేవారైతే మాత్రం లెక్క తిరగబడుతుంది. బస్సుకు రానూపోనూ 160 అనుకుంటే నెలకు 3,840. ముగ్గురిని ఎక్కించుకున్నాక కూడా కారు ప్రయాణానికి మీ చేతి నుంచి 11,400 పడుతోంది. అంటే బస్సు కంటే నెలకు ఏడున్నర వేలు ఎక్కువ. రోజుకో గంట కలిసొస్తుందనో, రాత్రి ఆఖరి బస్సు గొడవ లేదనో ఆ ఖర్చు పెట్టుకోవచ్చు, తప్పు లేదు. కానీ "కారు తిప్పి సంపాదిస్తున్నాను" అని ఇంట్లో చెప్పకండి.

6. మీ సీట్లలో ఎవరు కూర్చుంటున్నారో చూడండి

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఆ దెబ్బ ఎవరి మీద పడిందో ప్రభుత్వానికీ తెలుసు. అందుకే అదే ఏడాది అక్టోబరులో ఆటో, ట్యాక్సీ, మాక్సీ క్యాబ్ సొంతంగా నడుపుకునేవాళ్లకు 15,000 చొప్పున వేసింది. మీ ముగ్గురు తోడువాళ్లలో ఒక మేడమ్ ఉన్నారనుకోండి. రోజుకి రెండొందలు మీకిచ్చే బదులు బస్సెక్కితే ఆవిడకు నెలకు మూడున్నర వేలకు పైనే మిగులుతుంది. ఏదో ఒక నెల ఆవిడ ఆ లెక్క వేస్తారు, వేయడం న్యాయం కూడా. అప్పుడు మీకు వచ్చేది 10,800 నుంచి 7,200కి పడుతుంది. మిగులు 4,350 కాస్తా 750 అవుతుంది.

అందుకే ముగ్గురితో లెక్క కుదిరిందని కాదు, ఇద్దరితో కూడా నిలబడుతుందా అని చూసుకుని మొదలుపెట్టండి. డబ్బు రోజువారీ కాకుండా నెల మొదట్లో తీసుకోండి. నెలకు మూడు రోజుల సెలవుకు మాత్రమే తగ్గింపు అని ముందే మాట్లాడుకోండి. మొహమాటపడి మొదట్లో చెప్పకపోతే, తర్వాత చెప్పేటప్పుడు స్నేహం చెడుతుంది.

7. తెల్ల ప్లేటు ఎక్కడిదాకా పనికొస్తుందో తెలుసుకోండి

తెల్ల ప్లేటు సొంత వాడకానికి. బాడుగకు తిప్పాలంటే మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను ప్రకారం పర్మిట్ ఉండాలి. లేకుండా తిప్పితే 192ఎ సెక్షను కింద మొదటిసారే పది వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. జరిమానా కంటే భయపడాల్సింది ఇన్సూరెన్సుకు. సొంత కారు పాలసీలో బాడుగకు వాడితే వర్తించదని రాసి ఉంటుంది. బండి బాడుగకు తిరుగుతోందని తేలితే ప్రమాదం జరిగిన రోజున కంపెనీ చేతులెత్తేయవచ్చు.

మరి తోడు ప్రయాణం? 2020 నాటి కేంద్ర మార్గదర్శకాలు సొంత బండ్లలో ప్రయాణం పంచుకోవడాన్ని గుర్తించాయి. కానీ రాష్ట్రం ఒప్పుకోవాలి, ఊరికీ ఊరికీ మధ్య అయితే వారానికి రెండు ప్రయాణాలే అని హద్దు పెట్టాయి. రోజూ మార్కాపురం వెళ్లేవాళ్లకు ఆ హద్దు అప్పుడే ఏ మూలకూ చాలేది కాదు. కాబట్టి మూడు పనులు చేయండి. రోజూ వచ్చే తెలిసినవాళ్లతోనే వెళ్లండి, బస్టాండు దగ్గర ఆపి "మార్కాపురం, మార్కాపురం" అని పిలిచి ఎక్కించుకోకండి. తీసుకునే డబ్బు ఖర్చులో వాళ్ల వాటాను దాటనివ్వకండి. మన లెక్కలో అది 231, మనం తీసుకుంటున్నది 200. "ఇలా ఖర్చు పంచుకుంటే పాలసీ వర్తిస్తుందా?" అని ఇన్సూరెన్సు కంపెనీకి రాసి, జవాబు రాతలో తీసుకోండి. ఏజెంటు ఫోన్లో "ఏం కాదు సార్" అంటే అది జవాబు కాదు.

8. ప్లేటు మార్చే ముందు ఇంకొకరి బండి తిప్పండి

ఇంత చూశాక కూడా మీకు హైదరాబాదు వైపే మనసు లాగుతుంటే, అందులో తప్పేమీ లేదు. ఊళ్లో షాపు లేనివాళ్లకు, వదులుకునే సంపాదనే లేనివాళ్లకు లెక్క వేరుగా రావచ్చు. కానీ మీ బండి ప్లేటు మార్చడం ఒక రోజు పని కాదు. లోను ఉంది కాబట్టి ముందు ఫైనాన్స్ వాళ్ల అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. సొంత కారు లోనును ట్యాక్సీకి ఒప్పుకోని సంస్థలున్నాయి, ఒప్పుకుని వడ్డీ మార్చేవీ ఉన్నాయి. తర్వాత రవాణా కార్యాలయంలో మార్పు, పర్మిట్, ఫిట్‌నెస్, కొత్త ఇన్సూరెన్సు. ఫిట్‌నెస్ బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా. ఆంధ్రా బండిని తెలంగాణలో తిప్పడానికి పన్ను, పర్మిట్ ఎలాగో విడిగా కనుక్కోవాలి. ఇంత ఖర్చు పెట్టి రెండు నెలలకు వద్దనుకుంటే వెనక్కి రావడానికి మళ్లీ అంత తిరగాలి.

దీనికి ఒక దారి ఉంది. మామూలు కారు లైసెన్సు ఉన్నవాళ్లు ఏడున్నర టన్నుల లోపు ట్యాక్సీని కూడా నడపవచ్చని, విడిగా రాయించుకోనక్కర్లేదని సుప్రీంకోర్టు 2017లో చెప్పి, 2024 నవంబరులో మళ్లీ ఖాయం చేసింది. కాబట్టి మీ కారు ఊళ్లోనే ఉంచండి. హైదరాబాదులో సొంతంగా నడపలేక డ్రైవరు కోసం చూస్తున్న ట్యాక్సీ యజమానులు ఉంటారు. యాప్ వాళ్లు ఇంకేం కాగితాలు అడుగుతారో ముందే కనుక్కుని, అలాంటి బండి పదిహేను రోజులు తిప్పండి. గ్యాసు, అరుగుదల ఆ యజమానివి. మీకు కూలి వస్తుంది.

రోజూ రాత్రి నాలుగే అంకెలు రాయండి: తాళం తిప్పినప్పటి నుంచి మీటరు, ప్రయాణికులతో తిరిగిన దూరం, యాప్ నుంచి పడిన డబ్బు, బండిలో కూర్చున్న గంటలు. పదహారో రోజున ఆ కాగితం పట్టుకుని పుల్లలచెరువు రండి. మీ బండి కిలోమీటరు గ్యాసు ఖర్చుకు రూపాయి అరవై కలిపి, మీటరు అంకెను దానితో గుణించండి. పడిన డబ్బులోంచి తీసేయండి. మిగిలింది గంటలతో భాగించి, ఆ అంకెను ఇంట్లోవాళ్ల ముందు పెట్టండి. గది అద్దె, ట్యాక్సీ ఇన్సూరెన్సు, కిస్తీ ఇంకా అందులోంచి పోవాల్సి ఉందని కూడా వాళ్లకు చెప్పండి. ఆ తర్వాత బావకు ఫోన్ చేయండి.